కుటుంబమంటే ఒకే డోర్ నంబరా?

మా బంధువుల్లో ఒక అమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మ్యూజిక్ యాప్‌లో ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంది. ఆరుగురికి చోటున్న ప్లాన్. తనతో ఒకే ఫ్లాట్‌లో ఉండే స్నేహితురాలిని, వేరే ఊళ్లలో ఉన్న మరో ముగ్గురిని, హాస్టల్‌లో చదువుకుంటున్న సొంత చెల్లెలిని చేర్చుకుంది. డబ్బు అందరూ సమానంగా పంచుకున్నారు.

ఆహ్వానం లింక్ నొక్కగానే యాప్ ఇంటి చిరునామా అడిగింది. ఒక స్నేహితురాలు తన చిరునామా కొడితే కుదరలేదు. ప్లాన్ తీసుకున్న మనిషి ఇచ్చిన చిరునామాతో అది సరిపోవాలి. దాంతో మా అమ్మాయి తన ఫ్లాట్ చిరునామాను గ్రూపులో పెట్టింది. అందరూ అదే కొట్టారు, అందరూ చేరారు. అక్కడ ఆ నలుగురూ ఒక అబద్ధం ఆడారు. ఆ నలుగురిలో ఆమె చెల్లెలు కూడా ఉంది.

ఎనిమిది నెలల తర్వాత చిరునామా మళ్లీ ధ్రువీకరించమని మెయిల్ వచ్చింది. ఒక స్నేహితురాలు అలవాటుగా తను ఉంటున్న చోటే కొట్టింది. కొన్నాళ్లకు పాటల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి, డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఆఫ్‌లైన్‌లో ఆగిపోయాయి. ఖాతా పేజీ చూస్తే ఉచిత ప్లాన్ అని ఉంది. ప్లేలిస్టులు మాత్రం పోలేదు. ఎందుకంటే ఫ్యామిలీ ప్లాన్‌లో ఎవరి ఖాతా వారిదే, పంచుకునేది చెల్లింపు మాత్రమే. వేరే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరదామంటే ఇంకో అడ్డంకి: ఏడాదిలో ఒక్కసారే మారనిస్తారు.

ఇదేదో ఒక్క కంపెనీ పట్టింపు కాదు. స్పాటిఫై ఫ్యామిలీ ప్లాన్ సభ్యులంతా ఒకే చిరునామాలో నివసించాలంటుంది. యూట్యూబ్ కూడా ప్లాన్ నడిపే వ్యక్తి ఇంట్లోనే సభ్యులు ఉండాలంటుంది. 2018లో స్పాటిఫై కొందరు చందాదారులను జీపీఎస్ ద్వారా ఇల్లు ఎక్కడో చూపమని అడిగింది, విమర్శలు వచ్చాక ఆపేసింది. మరుసటి ఏడాది మాత్రం చిరునామాను అప్పుడప్పుడు మళ్లీ అడుగుతామని నిబంధనల్లో రాసుకుంది.

కంపెనీల వాదన నాకు తెలుసు. ఆరుగురు అపరిచితులు ఒక ప్లాన్ పంచుకుంటే పాట పాడినవారికి, రాసినవారికి చేరే డబ్బు తగ్గుతుంది. నిజమే. అందుకే ఆ అమ్మాయి చేసింది సరైనదని నేను అనను. నిబంధన చదవకుండా ఒప్పుకోవడం, లేని చిరునామా కొట్టించడం రెండూ తప్పే.

కానీ ఈ పరీక్ష ఏం కొలుస్తోందో చూడండి. ఫారంలో కొట్టిన అక్షరాలు ఇంకో ఫారంలోని అక్షరాలతో కలిశాయా లేదా అన్నదే. ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు, అంటే ఐపీ అడ్రస్, చూసినా లాభం తక్కువ. మొబైల్ డేటా వాడేవారి ఐపీ ఒక్కోసారి వాళ్లు ఉన్న ఊరినే సరిగా చూపదు. అంటే తడుముకోకుండా అబద్ధమాడినవారు లోపల ఉంటారు, ఉన్నది ఉన్నట్టు చెప్పినవారు బయటపడతారు. ఆ అమ్మాయి గ్రూపులో సరిగ్గా ఇదే జరిగింది. నిజం కొట్టిన ఒక్కరే దొరికారు.

డబ్బే సమస్య అయితే మనుషులను లెక్కపెట్టండి. మనిషికింత అని ప్లాన్‌లో తలసరి ధర పెట్టండి. అమెరికాలో 2018-2022 కాలానికి పెట్టిన రాయల్టీ నిబంధనలు కనీస చెల్లింపు లెక్కల్లో ఒక ఫ్యామిలీ ప్లాన్‌ను ఒకటిన్నర చందాదారుగా లెక్కించాయి. లోపల ఇద్దరున్నా ఆరుగురున్నా అంతే. రాయల్టీ నిబంధనలే తలలు వదిలేసి సగటు లెక్క వేసినప్పుడు, గోడల లెక్క సభ్యుల దగ్గర ఎందుకు అడగాలి?

నాకు అసలు కోపం ఇక్కడే. సంగీతం యాప్ అనే కాదు, ఏ ఫారం నింపినా కుటుంబమంటే ఒకే చిరునామా అన్న ఊహ ముందే కూర్చుని ఉంటుంది. చదువు కోసం, ఉద్యోగం కోసం పిల్లలు ఇల్లు వదిలి దశాబ్దాలు గడిచాయి. విడిగా ఉంటున్న తల్లిదండ్రుల మధ్య పెరిగే పిల్లలున్నారు. నెలకో ఊరు తిరిగే డ్రైవర్ ఉన్నాడు. వీళ్లందరినీ ఈ గడి 'కుటుంబం కాదు' అంటోంది.

తర్వాత ఆ అమ్మాయి నిబంధనలన్నీ కూర్చుని చదివింది. ప్లాన్ రద్దు చేసి, ఇద్దరు కలిసి ఉండేవారి కోసం ఇచ్చే చిన్న ప్లాన్‌కు మారింది. రెండో చోటు ఫ్లాట్‌మేట్‌కు దక్కింది, ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి. ఒకే తల్లి బిడ్డ అయిన చెల్లెలు మాత్రం హాస్టల్లో విడిగా చందా కడుతోంది.