బ్రోషర్ అమ్మకపు కాగితమేనా? ఫ్రాంచైజీ ఆదాయపు లెక్కలపై ఒక ఖండన

“ఫ్రాంచైజీ బ్రోషర్ అమ్మకపు కాగితం, ఆడిట్ నివేదిక కాదు. బాగా నడిచే అవుట్‌లెట్ అమ్మకాలు చూపించడం అబద్ధం ఎలా అవుతుంది? పది నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుందని రాయకపోతే ఒక్కరూ ఫోన్ చేయరు. బాధ్యతలన్నీ ఒప్పందంలో ఎలాగూ ఉంటాయి. ఫలితాలు మారవచ్చు, షరతులు వర్తిస్తాయి అని కింద ఒక వాక్యం వేస్తే సరిపోతుంది.” ఫ్రాంచైజీలు అమ్మేవారి వాదన ఇది.

బాగా నడిచే అవుట్‌లెట్ అమ్మకాలు నిజమే కావచ్చు. అయితే అవి ఎవరి అమ్మకాలో, ఎంతమందిలో ఒకరివో, వాటిలోంచి ఏ ఖర్చులు తీసేసి లాభం చూపారో చెప్పకుండా అచ్చువేస్తే, నిజమైన అంకె కూడా చదివేవారి మనసులో తప్పుడు బొమ్మనే గీస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలికగా ఉండేందుకు బ్రోషర్ చూపే పెట్టుబడిని 100 అనుకుందాం. మిగతా అంకెలన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. బ్రోషర్ మొదటి పేజీ ఇలా చెబుతుంది: నెలసరి అమ్మకం 40, లాభం 25 శాతం, అంటే నెలకు 10, కాబట్టి పది నెలల్లో పెట్టుబడి వెనక్కి. సరుకుకు 18, అద్దె, జీతాలు, కరెంటు, మరమ్మతులకు కలిపి 12 తీసేస్తే మిగిలేది 10. కూడికలో తప్పేమీ లేదు.

బ్రోషర్‌ను సరిదిద్దేవారు ముందుగా అడగవలసింది ఈ 40 ఎక్కడిదని. వెనక్కి వెళ్లి చూస్తే అది మూడు అవుట్‌లెట్ల సగటు అని తేలింది అనుకుందాం. వాటిలో రెండు బ్రాండ్ సంస్థ సొంతంగా నడిపేవి. అవి బ్రాండ్ పేరు వాడుకున్నందుకు ఇచ్చే రాయల్టీ కట్టవు, ప్రకటనల నిధికి ఇవ్వవు, మేనేజర్ జీతంలో కొంత ప్రధాన కార్యాలయం ఖాతాలోనే పడిపోతుంది. డబ్బు పెట్టబోయే మనిషి నడపబోయేది ఆ తరహా అవుట్‌లెట్ కాదు కనుక, సంస్థ సొంత అవుట్‌లెట్ల అంకెలను ఫ్రాంచైజీల అంకెలతో కలపకూడదు. చూపించాలనుకుంటే విడి పట్టికలో, విడి శీర్షిక కింద చూపించాలి.

ఫ్రాంచైజీలను మాత్రమే తీసుకుంటే, పన్నెండు నెలలు పూర్తిగా నడిచినవి 22 ఉన్నాయి. వాటిలో 40 అందుకున్నవి రెండే. అమ్మకాల వరుసలో సరిగ్గా నడిమధ్య అంకె 30. అంటే సగం అవుట్‌లెట్లు దానికి పైన, సగం దానికి కింద ఉన్నాయి. ఇక్కడ సగటు కన్నా ఈ మధ్య అంకెకే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే ఒకటి రెండు గొప్ప అవుట్‌లెట్లు సగటును పైకి లాగేస్తాయి గానీ మధ్య అంకెను కదిలించలేవు. ఇక ఆ ఏడాది మూతపడిన మూడు అవుట్‌లెట్లు ఈ 22లో లేనే లేవు. నిలిచినవాటినే లెక్కపెడితే పట్టిక ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అందుకే మూతపడినవి ఎన్నో, చేతులు మారినవి ఎన్నో పట్టిక కిందే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

తర్వాత ఖర్చులు. పాత లెక్కలో రాయల్టీ అమ్మకంలో 6 శాతం, ప్రకటనల నిధి 2 శాతం కనిపించవు. అవి వేరే పేజీలో ఉన్నాయని సేల్స్ విభాగం వాదిస్తుంది. నిజంగానే ఉన్నాయి, లాభం లెక్కకు ఏడు పేజీల తర్వాత. పెట్టుబడి 100లో అద్దె డిపాజిట్ లేదు, అమ్మకాలు పుంజుకునేదాకా నెలవారీ ఖర్చులు భరించే నిర్వహణ మూలధనం లేదు. ఆ రెండూ కలిపితే అసలు పెట్టుబడి 125. ఇప్పుడు మధ్య అవుట్‌లెట్ లెక్క చూడండి. అమ్మకం 30, సరుకుకు 13.5, స్థిర ఖర్చులు 12, రాయల్టీ, నిధి కలిపి 2.4. మిగిలేది 2.1. 125ను 2.1తో భాగిస్తే దాదాపు అరవై నెలలు వస్తాయి.

ఒప్పందం గడువు అయిదేళ్లు, అంటే అరవై నెలలే. పెట్టుబడి తిరిగి చేతికి వచ్చే నెలలోనే ఒప్పందం ముగుస్తుంది, రెన్యువల్ రుసుము, దుకాణానికి కొత్త హంగుల ఖర్చు ముందుకు వస్తాయి. పైగా ఈ లెక్కలో యజమాని సొంత శ్రమకు జీతం లేదు, అప్పు వడ్డీ లేదు, ఆదాయపు పన్ను లేదు, మొదటి నెలల మందకొడి అమ్మకాలు లేవు. అమ్మకం తగ్గితే జీతాలు కొంత తగ్గించుకోవచ్చన్నది నిజమే, కాబట్టి 12 అనే అంకె కాస్త కిందికి జరగవచ్చు. కానీ అందులో పెద్ద భాగమైన అద్దె మాత్రం జరగదు. 40 అమ్మే అత్యుత్తమ అవుట్‌లెట్‌కు కూడా అన్నీ తీసేస్తే మిగిలేది 6.8, పెట్టుబడి తిరిగి రావడానికి పద్దెనిమిది నెలలకు పైగానే పడుతుంది. పది నెలల మాట ఆ బ్రాండ్‌లో ఏ ఫ్రాంచైజీ విషయంలోనూ నిజం కాదు.

అందుచేత నేను సరిచేసే ఏ బ్రోషర్‌లోనైనా “ఎన్ని నెలల్లో వెనక్కి” అనే పంక్తిని తీసేసి, దాని చోట బ్రేక్ ఈవెన్ అమ్మకం, అంటే లాభమూ నష్టమూ లేకుండా నిలవడానికి కావలసిన అమ్మకం పెడతాను. సరుకు, రాయల్టీ, నిధి పోగా అమ్మకంలో మిగిలేది 47 శాతం. స్థిర ఖర్చు 12ను అది మోయాలంటే నెలకు కనీసం 25.5 అమ్మాలి. 22 అవుట్‌లెట్లలో అయిదు దానికి కిందే ఉన్నాయి. చదివేవారికి నిజంగా పనికొచ్చే అంకె ఇది, ఎందుకంటే తాము అనుకుంటున్న చోట అద్దె ఎక్కువైతే దాన్ని వాళ్లే మార్చి లెక్కించుకోగలరు.

ఫోన్ల విషయానికి వస్తే, ఆ వాదనలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఇలా సరిచేసిన బ్రోషర్‌కు వచ్చే ఫోన్లు తగ్గుతాయి. అయితే పది నెలల మాట విని చేరిన వ్యక్తి, ఎనిమిదో నెలలో చేతిలో డబ్బు అయిపోయి, మొదట రాయల్టీ ఆపుతాడు, తర్వాత అనుమతి లేని చోట చవక సరుకు కొంటాడు, ఆ తర్వాత నోటీసులు మొదలవుతాయి. నిర్వహణ మూలధనం మాట ముందే చెప్పి ఉంటే ఆ వ్యక్తి అసలు చేరేవాడు కాడు, లేదా ఆ డబ్బు చేత పట్టుకునే చేరేవాడు. కమీషన్ మీద పనిచేసే ఏజెంట్‌కు ఈ తేడా పట్టదు, ఎందుకంటే అతని వాటా సంతకం రోజునే అందిపోతుంది. కాబట్టి బ్రోషర్ బాగుందో లేదో ఫోన్ల లెక్కతో కాదు, దాన్ని చదివి చేరినవారిలో రెండేళ్ల తర్వాత ఎందరు నడుపుతున్నారన్న లెక్కతో తేల్చాలి.

బాధ్యతలు ఒప్పందంలో ఉంటాయన్న మాట నిజమే, కానీ ఒప్పందం చేతికి వచ్చేది ఎప్పుడు? చాలాచోట్ల బుకింగ్ సొమ్ము కట్టి, దుకాణం చూసుకుని, అడ్వాన్సు ఇచ్చాక. అప్పటికి వెనక్కి తగ్గడానికే ఖర్చవుతుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం సంతకానికి గానీ, సొమ్ము కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందే ఫ్రాంచైజీ వివరాలు తెలిపే వెల్లడి పత్రం చేతికివ్వాలి. అలాంటి చట్టం లేని చోట కూడా ఆ వరుస పాటించడానికి ఏ సంస్థకూ అడ్డేమీ లేదు.

బ్రోషర్‌లోకి ఒప్పందం మొత్తం ఎక్కించనవసరం లేదు. జేబుకు నేరుగా తగిలే నాలుగైదు విషయాలను, ఎవరు ఎప్పుడు ఎంత కట్టాలో తెలిసేలా, మామూలు వాక్యాల్లో చెబితే చాలు. పాత బ్రోషర్‌లో “నామమాత్రపు రాయల్టీ” అని ఉంటుంది. దాని చోట: “ప్రతి నెలా మొత్తం అమ్మకంలో 6 శాతం రాయల్టీ మీరు కట్టాలి, ఆ నెల నష్టం వచ్చినా కట్టాలి.” పాతదానిలో “సరుకు సరఫరాలో పూర్తి సహకారం” అని ఉంటే, కొత్తదానిలో: “మేము సూచించిన సరఫరాదారుల వద్దే మీరు కొనాలి; బయట తక్కువకు దొరికినా కొనకూడదు. ఆ సరఫరాదారుల నుంచి మాకు కమీషన్ అందుతుంది.” చివరి వాక్యం దగ్గర యాజమాన్యం తప్పకుండా అభ్యంతరం చెబుతుంది. అది ఉండి తీరాలి, ఎందుకంటే రాయల్టీ 6 శాతమే అనుకున్న మనిషి సరుకు ధరలో ఇంకొంత కడుతున్నానని ఏడాది తర్వాత తెలుసుకుంటే, ఇక ఆ సంబంధంలో నమ్మకం మిగలదు.

“మీ ప్రాంతంలో మీకే హక్కు” అన్న వాక్యం మరీ ప్రమాదకరమైనది. ఒప్పందం తెరిచి చూస్తే, నిర్ణీత దూరంలో సంస్థ ఇంకో దుకాణం తెరవదని మాత్రమే ఉంటుంది. ఆన్‌లైన్ ఆర్డర్లు, పెద్ద సంస్థలకు చేసే నేరు సరఫరా తన వద్దే ఉంచుకుంటుంది. ఆ మినహాయింపు హామీ ఉన్న వాక్యంలోనే ఉండాలి. అలాగే నిష్క్రమణ: “గడువుకు ముందే మూసేస్తే మిగిలిన అద్దె కాలం బాధ్యత మీదే, ఫ్రాంచైజీ రుసుము తిరిగి రాదు, మీరిచ్చిన వ్యక్తిగత హామీ మీ కంపెనీ మూసినా మీ మీద ఉంటుంది, ఆ తర్వాత కొంతకాలం ఇదే తరహా వ్యాపారం చేయకూడదు.” కఠినంగా వినిపిస్తుంది, ఎందుకంటే ఒప్పందమే కఠినంగా ఉంది. ఈ మాటలు అచ్చులో చూసి యాజమాన్యానికి ఇబ్బందిగా అనిపిస్తే మార్చవలసింది ఒప్పందాన్ని.

ఇక కింద వేసే చిన్న అక్షరాల వాక్యం. మొదటి పేజీలో పది నెలలని పెద్ద అక్షరాల్లో రాసి, చివరి పేజీలో ఫలితాలు మారవచ్చని రాస్తే, రెండోది మొదటిదాన్ని సరిదిద్దదు. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, వివాదం వస్తే మొదటి పేజీయే అవతలివారి చేతిలో సాక్ష్యం అవుతుంది. పైన చెప్పిన అమెరికా నిబంధన కూడా ఆదాయం అంకెలు చెప్పడాన్ని నిషేధించదు. చెబితే దానికి సహేతుకమైన ఆధారం ఉండాలని, ఎన్ని అవుట్‌లెట్లు ఆ అంకెను అందుకున్నాయో సంఖ్యలోనూ శాతంలోనూ చూపాలని కోరుతుంది. కాబట్టి చిన్న వాక్యం చేయలేని పనిని మొదటి పేజీయే చేయాలి: “పన్నెండు నెలలు పూర్తిగా నడిచిన 22 ఫ్రాంచైజీ అవుట్‌లెట్లలో నడిమధ్య నెలసరి అమ్మకం 30. రెండు అవుట్‌లెట్లు, అంటే 9 శాతం, 40 అందుకున్నాయి. అయిదు బ్రేక్ ఈవెన్ కన్నా తక్కువలో ఉన్నాయి. గత ఏడాది మూడు మూతపడ్డాయి.”

కొత్త బ్రోషర్ అచ్చయ్యాక కూడా పాత లెక్క బతికే ఉంటుంది. ఏజెంట్ల ఫోన్లలో పాత ఫైలు, వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్ పట్టిక, “అది లాయర్లు రాసిన మాట, నేను అసలు అంకె చెబుతా వినండి” అనే సంభాషణ అలాగే సాగుతాయి. అందుకే ప్రతి పేజీ అడుగున ముద్రించిన నెల, లెక్క ఏ పన్నెండు నెలలదో ఉండాలి. బ్రోషర్‌లో లేని ఆదాయం అంకె ఏదీ నోటితో గానీ సందేశంలో గానీ చెప్పకూడదని ఏజెంట్ల చేత రాయించుకోవాలి. సంతకానికి ముందు దరఖాస్తుదారు చేతే ఒక కాగితం మీద, తనకు ఇంకెవరైనా వేరే అంకె చెప్పారా, చెబితే ఎంత అని రాయించుకోవాలి. ఆ ఖాళీలో “పది నెలలు” అని రాసి ఉంటే, ఆ రోజు సంతకం ఆపేయాలి.