లేఖ మార్చిలో, చెల్లింపు ఏప్రిల్‌లో: ఖర్చు ఏ ఏడాదిది?

"ఉద్యోగుల్ని తీసేసినప్పుడు ఇచ్చే సెవరెన్స్, నోటీసు పే డబ్బు చేతికిచ్చిన నెలలోనే ఖర్చు. లేఖలు మార్చిలో ఇచ్చినా, సెటిల్‌మెంట్ ఏప్రిల్‌లో అయితే అది కొత్త ఏడాది లెక్కే. బోర్డు తీర్మానం, ప్రకటన ఇవన్నీ ఉద్దేశాలు. ఉద్దేశానికి ఎంట్రీ ఉండదు. నోటీసు పే కూడా జీతమే కదా, ఏ నెలది ఆ నెలలో పడుతుంది. పైగా పన్ను మినహాయింపు కూడా చెల్లించాకే వస్తుంది."

ఇలా వాదించేవాళ్లుంటారు, కానీ ఈ వాదన నిలవదు. ముందు చేతికిచ్చిన నెల సంగతి. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 128 పుస్తకాలు అక్రూయల్ పద్ధతిలో, అంటే డబ్బు కదిలినప్పుడు కాక బాధ్యత పుట్టినప్పుడే, రాయమంటుంది. బ్యాంకు నుంచి డబ్బు ఎప్పుడు కదిలిందో నగదు ప్రవాహాల పట్టిక చెబుతుంది. ఖర్చు తేదీని అది తేల్చదు. ఉద్యోగుల ప్రయోజనాలపై ఉన్న అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 19 రెండు తేదీలు చూసి, ఏది ముందొస్తే అప్పుడు ఖర్చు, అప్పు రెండూ చూపమంటుంది. ఒకటి, ఇస్తామన్న ప్రయోజనాన్ని కంపెనీ ఇక వెనక్కి తీసుకోలేని రోజు. రెండోది, ఆ తొలగింపుతో ముడిపడిన పునర్వ్యవస్థీకరణ ఖర్చును ఇండ్ ఏఎస్ 37 కింద గుర్తించే రోజు. చెల్లింపు తేదీ ఈ రెండింటిలో ఎక్కడా లేదు. ఏఎస్ 15 పాటించే చిన్న కంపెనీలకు మాటలు వేరు. గతంలో జరిగిన ఘటన వల్ల పుట్టిన బాధ్యత, డబ్బు బయటికి వెళ్లే అవకాశమే ఎక్కువగా ఉండటం, నమ్మదగిన అంచనా, ఈ మూడూ ఉండాలంటుంది. ఉద్యోగికి లేఖ చేరాక సాధారణంగా ఈ మూడూ ఉన్నట్టే.

ఉద్దేశం గురించి అన్నదాంట్లో సగం నిజముంది. తలుపులు మూసుకుని బోర్డు చేసిన తీర్మానం ఒక్కటే ఉంటే ఎంట్రీ వేయకూడదు. రేపు మరో సమావేశం పెట్టి దాన్ని రద్దు చేసుకోవచ్చు, అడిగేవాళ్లుండరు. ప్రకటన అలాంటిది కాదు. ప్రణాళిక ఉద్యోగులకు తెలిపాక ప్రమాణం మూడు విషయాలు చూస్తుంది. అమలుకు చేస్తున్న పనుల్ని బట్టి పెద్ద మార్పులు వచ్చేలా కనిపించకూడదు. ఎంతమంది, ఏ పనుల్లో ఉన్నవాళ్లు, ఏ ఊళ్లో, ఎప్పటికి పూర్తవుతుందో ప్రణాళికలో ఉండాలి. తనకు ఏమొస్తుందో, ఎంతొస్తుందో ఉద్యోగి స్వయంగా లెక్కేసుకోగలగాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ మూడోదాని దగ్గరే. "కొంతమందిని తగ్గిస్తున్నాం, తగిన ప్యాకేజీ ఇస్తాం" అని టౌన్‌హాల్‌లో చెబితే చాలదు. తీర్మానం మార్చి 25న జరిగి, లేఖలు ఏప్రిల్ 4న వెళితే, మధ్యలో అమలు మొదలు కాకపోతే, మార్చి 31 బ్యాలెన్స్ షీట్లో ప్రొవిజన్, అంటే అంచనా వేసి చూపే అప్పు, ఉండదు. విషయం పెద్దదైతే నోట్స్‌లో రాస్తారు, అంతే. కాబట్టి "తీర్మానం నాడే పెట్టేయాలి" అనేవాళ్లదీ తప్పే.

అంకెల్లో చూద్దాం. 90 మంది కార్మికులున్న ఒక యూనిట్ 40 మందిని తీసేస్తోందనుకోండి. మార్చి 1న పేరుపేరునా లేఖలు ఇచ్చారు. సగటు వేతనం నెలకు ₹30,000, అందరిదీ ఎనిమిదేళ్ల సర్వీసు. చట్టప్రకారం పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే ₹15,000. ఇక్కడ 26తో భాగించకండి. ఆ భాగహారం గ్రాట్యుటీది. ఒక్కొక్కరికి ₹1,20,000, నలభై మందికి ₹48 లక్షలు. దీనిపైన కంపెనీ ఒక్కొక్కరికి ₹80,000 ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, అది ₹32 లక్షలు. ముందే మానేసినా ఈ రెండూ ఇస్తామని లేఖలో ఉంది. మొత్తం ₹80 లక్షలు మార్చి ఖర్చే, ఒక్క రూపాయి కూడా చెల్లించకపోయినా.

నోటీసు పే దగ్గర జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ పేరుతో రెండు వేర్వేరు డబ్బులు తిరుగుతుంటాయి. ఈ 40 మందికీ నియామక పత్రం ప్రకారం మూడు నెలల నోటీసు ఉంది. వాళ్లలో 30 మందిని ఏప్రిల్ 30న పంపేస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాళ్లు పనిచేస్తారు కాబట్టి ఆ రెండు నెలలదీ మామూలు జీతమే, ఏ నెలది ఆ నెలలో వేయాలి. మే నెలకు మాత్రం పని ఉండదు, నోటీసుకు బదులుగా డబ్బిస్తారు. దానికి ప్రతిగా కంపెనీకి ఏ సేవా అందదు. అందుకే 30 మందికి ₹9 లక్షలు సెవరెన్స్‌తో పాటు మార్చిలోనే పడాలి. నోటీసు పే జీతమేనన్న మాట పనిచేసిన నోటీసుకు సరిపోతుంది. పనిచేయని నోటీసుకు సరిపోదు.

మిగతా 10 మంది యంత్రాలు విప్పి అప్పగించడానికి జూన్ 30 దాకా ఉంటారు. అప్పటిదాకా ఉంటేనే ఒక్కొక్కరికి అదనంగా ₹60,000. ఇది తొలగింపు పరిహారంలా కనిపిస్తుంది గానీ కాదు. ఇకముందు చేయబోయే పనికి ఇచ్చే డబ్బు. ₹6 లక్షల్ని నాలుగు నెలలకు పంచితే మార్చికి ₹1.5 లక్షలు పడుతుంది. అంటే మార్చి 31న చూపాల్సిన అప్పు 80, 9, 1.5 కలిపి ₹90.5 లక్షలు. బోనస్‌లో మిగిలిన ₹4.5 లక్షలు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాళ్ల జీతాలు కొత్త ఏడాదివి. చెల్లింపు బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత 12 నెలల్లోపే కాబట్టి అప్పును నేటి విలువకు తగ్గించే డిస్కౌంటు లెక్క అక్కర్లేదు.

గ్రాట్యుటీని, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌ను ఈ మొత్తంలో కలపొద్దు. ఉద్యోగి ఏ కారణంతో వెళ్లినా వచ్చేవి అవి, వాటికి ప్రొవిజన్ ముందు నుంచే నడుస్తుంటుంది. సెటిల్‌మెంట్ షీట్ మొత్తాన్ని తీసుకొచ్చి సెవరెన్స్ ప్రొవిజన్‌గా వేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది.

పన్ను మాట వేరే చట్టానిది. చెల్లిస్తే తప్ప మినహాయింపు ఇవ్వని అంశాల జాబితా, 2026 మార్చి దాకా అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టం 1961లో, సెక్షన్ 43బిలో ఉండేది. రిట్రెంచ్‌మెంట్ పరిహారం, అంటే పైన చూసిన 15 రోజుల వేతనం లెక్క, అందులో పేరు పెట్టి లేదు. ఈ వాదన నిజానికి స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, వీఆర్ఎస్ నుంచి అరువు తెచ్చుకున్నట్టుంది. అక్కడ అదే 1961 చట్టంలోని సెక్షన్ 35డిడిఏ ప్రకారం, చెల్లించిన ఏడాది మొదలుకొని ఐదేళ్లపాటు ఏటా ఐదో వంతు చొప్పున మినహాయింపు వచ్చేది. అక్కడైనా పుస్తకాల్లో ఖర్చును ఐదేళ్లకు సాగదీయరు. ఆ తేడా డిఫర్డ్ ట్యాక్స్‌లోకి, అంటే ముందు ముందు తగ్గే పన్ను లెక్కలోకి, వెళుతుంది. ₹80 లక్షల వీఆర్ఎస్ ఖర్చు పుస్తకాల్లోకి వచ్చి ఇంకా చెల్లించకపోతే, 25.168 శాతం పన్ను రేటున సుమారు ₹20.13 లక్షల డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి వస్తుంది, భవిష్యత్తులో సరిపడా లాభాలు వస్తాయనుకుంటేనే.

ఏప్రిల్‌లో ఇంకో చిక్కు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నడిపితే అది సెవరెన్స్‌ను అలవాటుగా జీతాల ఖర్చుకే డెబిట్ చేస్తుంది. మార్చి ప్రొవిజన్ మాత్రం కదలకుండా ఉండిపోతుంది. ఆ పే కాంపోనెంట్‌ను ముందుగానే అప్పు ఖాతాకు మ్యాప్ చేయాలి. ఉద్యోగి వారీ పట్టికలో మార్చి అంచనా పక్కనే అసలు చెల్లింపు రాసుకోవాలి. జూన్ చివర్లో ఖాతాలో నిల్వ మిగిలితే, ఎవరికైనా డబ్బు అందలేదా, పేరోల్ పాత దారినే పోయిందా అన్నది ఆ పట్టికలోనే తేలుతుంది. అంచనాకూ చెల్లింపుకూ మధ్య చిన్న తేడా వస్తే అది కొత్త ఏడాది లాభనష్టాల్లోకి పోతుంది. దానికోసం మార్చి లెక్క తెరవక్కర్లేదు.