ఫ్రీ డెమోలో గెలిపించి, మూడో నెలలో దొరికిపోయి

"మా వాడు 1500తో మొదలుపెట్టాడు మేడమ్. మీ దగ్గర మూడు నెలలు నేర్చుకున్నాక 870కి వచ్చాడు. దీనికా నెలకు 2,400?"

నేను ఆన్‌లైన్‌లో చెస్ నేర్పే ఒక పిల్లాడి నాన్న నుంచి రాత్రి పదకొండింటికి వచ్చిన మెసేజ్ ఇది. మియాపూర్‌లో ఉంటారు, బాబుకు ఎనిమిదేళ్లు. తండ్రి మర్యాదస్తుడే, ఎప్పుడూ ఫీజు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. కోపం కంటే మోసపోయామన్న బాధ ఎక్కువ కనిపించింది ఆ మెసేజ్‌లో. ఆయన చెప్పిన రెండు అంకెలూ నిజమే. అర్థం చేసుకున్న తీరే తప్పు. కానీ ఆ తప్పు ఆయనది కాదు, నాది.

Lichess అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో కొత్తగా ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ 1500 రేటింగ్ ఇస్తారు, గుర్రం ఎలా నడుస్తుందో తెలియని వాళ్లకి కూడా. పక్కన చిన్న ప్రశ్నార్థకం ఉంటుంది, "ఇంకా మాకే తెలీదు, చూద్దాం" అన్నట్టు. కొన్ని గేమ్‌లు ఆడాక ఆ గుర్తు పోతుంది, అప్పటికి అంకె పిల్లాడి అసలు స్థాయి దగ్గరికి దిగుతుంది. అంటే బాబు 1500 నుంచి పడిపోలేదు, అసలు ఎప్పుడూ అక్కడ లేడు. పైగా దీనికీ అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే టోర్నమెంట్లలో ఇచ్చే రేటింగ్‌కీ సంబంధం లేదు. 2024 మార్చి నుంచి ఫిడే పట్టికలో 1400 కంటే తక్కువ రేటింగే ఉండదు. ఈ రెండు ముక్కలు ట్రయల్ రోజునే చెప్పి ఉంటే ఆ రాత్రి ఆయనకీ నాకూ నిద్ర దక్కేది. ఎందుకు చెప్పలేదంటే ఆ రోజుల్లో నేను ట్రయల్ క్లాస్ పెట్టేది నేర్పడానికి కాదు, అమ్మడానికి.

అది నాకు ఒక కంపెనీ నేర్పిన విద్య. పేరు చెప్పను. సొంతంగా మొదలుపెట్టక ముందు ఏడాదిన్నర అక్కడ చెప్పాను. డెమోకి స్క్రిప్ట్ ఇచ్చేవాళ్లు. మొదటి పది నిమిషాలు కబుర్లు, తర్వాత ఒక తేలికైన పజిల్, పిల్లాడు చేయగానే "వావ్", చివర్లో టీచర్‌తో చిన్న గేమ్, అందులో పిల్లాడే గెలవాలి. అప్పుడు తల్లిని కెమెరా ముందుకు పిలిచి "మీ బాబులో సహజమైన టాలెంట్ ఉందండీ" అనాలి. వెంటనే రంగురంగుల సర్టిఫికెట్. గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి మన వరంగల్ కుర్రాడే కదా, ఆ పేరు కూడా స్క్రిప్ట్‌లో పెట్టేశారు. నలభై నిమిషాల డెమో చూసి పిల్లాడు అర్జున్ అవుతాడని చెప్పడానికి నాకు నోరు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మెసేజ్ తర్వాత ట్రయల్ మొత్తం మార్చేశాను. ఇప్పుడు నా ట్రయల్ ఫ్రీ కాదు, 200 రూపాయలు. చేరితే మొదటి నెల ఫీజులో తగ్గిస్తాను. నలభై అయిదు నిమిషాల్లో నేను చూసేవి రెండే.

మొదటిది, ఒక బొమ్మ పెడతాను. ఇది Lichess బోర్డ్ ఎడిటర్‌లో అతికిస్తే మీకూ కనిపిస్తుంది:

```
6k1/5ppp/8/8/8/8/5PPP/n3R1K1 w - - 0 1
```

తెల్ల ఎత్తు. మూలన a1 గడిలో నల్ల గుర్రం ఉచితంగా దొరుకుతుంది, మన ఏనుగు అడ్డంగా వెళ్లి కొట్టేయొచ్చు. కానీ అదే ఏనుగు నిలువుగా e8కి వెళితే ఆట అక్కడే అయిపోతుంది. నల్ల రాజు ముందు సొంత బంట్లే మూడు గోడలా నిలబడ్డాయి, తప్పించుకునే దారి లేదు. నేను "మేట్ ఉంది, కనుక్కో" అనను. "నీ ఎత్తు" అంటానంతే.

సరైన ఎత్తు వేశాడా లేదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. గుర్రాన్ని ఒక్క సెకనులో కొట్టేసే పిల్లలుంటారు. కొట్టబోయి ఆగి పైకి చూసేవాళ్లుంటారు. కొట్టేశాక "అయ్యో మేడమ్, ఇంకోటుంది" అని నాలుక కరుచుకునేవాళ్లు కూడా ఉంటారు. ఈ మూడో రకానికి చూపు ఉంది, ఆగడం లేదు. మొదటి రకానికి ఆగినా ఏం చూడాలో తెలీదు. వీళ్లిద్దరినీ ఒకే బ్యాచ్‌లో వేస్తే ఒకడికి బోర్, ఇంకొకడికి ఏడుపు.

నాలుగో రకం కూడా ఉంది. పిల్లాడి కళ్లు స్క్రీన్ దాటి పక్కకు వెళతాయి, రెండు సెకన్లాగి, ఏనుగు నేరుగా e8కి వస్తుంది. పక్కన నాన్న కూర్చున్నాడని అర్థం. నేనేమీ అనను. "ఎందుకు అక్కడ పెట్టావు నాన్నా?" అని అడుగుతాను. జవాబు పిల్లాడిదైతే "రాజు ఎక్కడికీ పోలేడు" అంటాడు. "బ్యాక్ ర్యాంక్ వీక్‌గా ఉంది" అన్నాడంటే "అంకుల్, కొంచెం టీ తాగి రండి" అంటాను.

రెండోది, పది నిమిషాల గడియారంతో ఒక గేమ్. నేను గెలిపించను, ఓడించాలనీ చూడను. చూసేది గడియారం. మియాపూర్ బాబు పాత ఫ్రీ ట్రయల్ రోజుల్లో, మూడేళ్ల యూట్యూబ్ చదువుతో వచ్చాడు, నాలుగెత్తుల మేట్ బట్టీ. మంత్రిని రెండో ఎత్తులోనే h5కి తెచ్చేశాడు. నేను కాచుకున్నాక ఇక ఏం చేయాలో తోచక, ఎత్తుకొక సెకను చొప్పున వేసుకుంటూ పోయాడు. ఆట ముగిసేసరికి ఊరికే వదిలేసిన పావులు అయిదు, గడియారంలో మిగిలిన టైమ్ ఎనిమిది నిమిషాల పైన. ఆ రోజు ఈ రెండు అంకెలూ నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తండ్రికి మాత్రం "చాలా ఫాస్ట్‌గా ఆలోచిస్తున్నాడండీ" అన్నాను. పాత స్క్రిప్ట్ అలవాటు. అసలు వాడు ఆలోచించనే లేదు!

అందుకే ఆ రాత్రి మెసేజ్‌కి వెంటనే జవాబివ్వలేదు. పొద్దున నోట్‌బుక్ తీసి, వాడి పాత గేమ్‌లు తెరిచి కూర్చున్నాను. Lichess లో ప్రతి ఎత్తుకీ ఎంత టైమ్ తీసుకున్నాడో ఉంటుంది. ఆ వారం ఆడిన ఆరు గేమ్‌లు చూస్తే, ఊరికే వదిలేసినవి గేమ్‌కి ఒకటో రెండో. ముగిసేసరికి గడియారంలో నాలుగైదు నిమిషాలు మాత్రమే మిగులుతున్నాయి. ట్రయల్ రోజు గేమ్ లింకు, నిన్నటి గేమ్ లింకు పక్కపక్కన పెట్టి ఆయనకు ఫోన్ చేశాను. "మీరు రేటింగ్ చూస్తున్నారు, నేను గడియారం చూస్తున్నానండీ. ఇది మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే వాడు బాగుపడుతున్నాడా?" అన్నారు. "ఆగడం నేర్చుకుంటున్నాడు. గెలవడం తర్వాత" అన్నాను.

అప్పటి నుంచి తల్లిదండ్రులకు నెలకు రెండు మెసేజ్‌లే పంపుతున్నాను. రోజూ "టుడే వెరీ గుడ్ క్లాస్" అని పువ్వు బొమ్మ పెట్టడం మానేశాను. రోజూ పువ్వు పెడితే, ఏదో ఒక రోజు పెట్టకపోతే ఏమైందని ఫోన్ వస్తుంది. ఇప్పుడు మెసేజ్ ఇలా ఉంటుంది: "ఈ రెండు వారాల్లో ఏడు గేమ్‌లు. ఊరికే ఇచ్చిన పావులు గేమ్‌కి సగటున రెండు. ఇదిగో ఒక గేమ్ లింకు, 14వ ఎత్తు దగ్గర ఆపి, ఎదుటివాడు ఏం బెదిరిస్తున్నాడో బాబునే అడగండి. మీరు జవాబు చెప్పకండి." ఈ చివరి మాట రాయకపోతే నాన్నలు సరైన ఎత్తు చూపించే కంప్యూటర్ ఇంజిన్ ఆన్ చేసి లెక్చర్ మొదలుపెడతారు. రాసినా కొందరు ఆగరు, అది వేరే సంగతి.

ఇక ఫీజు. మొదట్లో క్లాసుకి 300 అని లెక్క కట్టేదాన్ని. శని, ఆదివారాల బ్యాచ్ కాబట్టి నెలకు ఎనిమిది, 2,400. అంతా బాగుంది, 2025 ఆగస్టు వచ్చేదాకా. ఆ నెలలో అయిదు శనివారాలు, అయిదు ఆదివారాలు. పది క్లాసులకు 3,000 అనేసరికి గ్రూపులో "ఫీజు పెంచారా?" అని మొదలైంది. దసరాకు అందరూ ఊళ్లకు పోతే "రెండు క్లాసులు కాలేదు కదా, తగ్గించండి" అని ఇంకో రకం. తగ్గించాను. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ మాత్రం దసరాకి తగ్గలేదు.

కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి 52 వారాలు, వారానికి రెండు చొప్పున 104 క్లాసులు. నెలకు ఎనిమిది మాత్రమే మాటిస్తే 96. తేడా ఎనిమిది. సంక్రాంతి, దసరా, నాకొచ్చే జ్వరాలు, వానకు పోయే కరెంటు, అన్నీ ఈ ఎనిమిదిలో సర్దుకోవచ్చు. అందుకని ఇప్పుడు నెల ఫీజు ఒకటే, 2,400. అయిదో వారం వస్తే పాఠం ఉండదు, అంతకు ముందు పోయిన క్లాసు ఉంటే అప్పుడు పెడతాను, లేకపోతే పిల్లల మధ్య చిన్న టోర్నమెంట్. నేను ఎగ్గొట్టిన క్లాసు మళ్లీ పెడతాను, పిల్లాడు పెళ్లికి పోయి ఎగ్గొట్టింది పెట్టను. చేరేటప్పుడే ఇది రాసి పంపుతాను.

2,400 ఎక్కువా అంటారా? బ్యాచ్‌కి నలుగురు. గంట క్లాసుకి వెనకాల గేమ్‌లు చూడటం, మెసేజ్‌లు ఇంకో అరగంట. నెలకు పన్నెండు గంటలు, 9,600 వస్తుంది, గంటకు 800. ఒక్కరు మానేస్తే 600. ఇద్దరు మానేస్తే ఆ బ్యాచ్‌ని ఇంకోదానితో కలపాల్సిందే, కలిపితే స్థాయి కుదరదు, కుదరకపోతే మిగిలిన ఇద్దరూ మానేస్తారు. నెలకు 800కే ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి, తప్పనను. కానీ ఇరవై మంది గడియారాలు ఎవరూ చూడలేరు.

ట్రయల్‌కి 200 పెట్టాక అడిగేవాళ్లు సగానికి తగ్గారు. ఫ్రీ అయినప్పుడు ఆదివారం పొద్దున లింకు పంపి అరగంట ఒంటరిగా కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి, "అయ్యో మర్చిపోయాం మేడమ్" అని సాయంత్రం మెసేజ్. 200 కట్టినవాళ్లు మర్చిపోరు. పదిమందిలో నలుగురు చేరేవాళ్లు, ఇప్పుడు ఆరేడుగురు. మిగతావాళ్లలో ఒకరిద్దరికి నేనే వద్దని చెబుతాను. అయిదేళ్ల పాప ఇరవై నిమిషాలకే కుర్చీలోంచి దిగిపోతే, "ఏడాది ఆగి తీసుకురండి, ఈలోపు ఇంట్లో బంట్లాట ఆడించండి" అని 200 వెనక్కి పంపేస్తాను. కంపెనీలో ఇలా చేస్తే ఉద్యోగం పోయేది.

మియాపూర్ నాన్న మానలేదు. మొన్న ఆదివారం మళ్లీ మెసేజ్ పెట్టారు, ఈసారి కాస్త పెందరాళే, తొమ్మిదింటికి.

"మేడమ్, ఇవాళ గెలిచే గేమ్‌లో ఆలోచిస్తూ ఆలోచిస్తూ టైమ్ అయిపోయి ఓడిపోయాడు. ఇప్పుడేం చేద్దాం?"

నోట్‌బుక్‌లో వాడి పేజీ తీసి, 'మిగిలిన టైమ్' కింద సున్నా వేసుకున్నాను.