వెళ్లిపోయిన ఉద్యోగి నమస్కారం పెట్టవచ్చునా?

రాజీనామా చేసిన మనిషి పాత క్లయింటుకు ఉగాది శుభాకాంక్షలు పంపడం ఎంతటి ఘోరమో సరిగా గ్రహించినవారు మన కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలవారే. అందుకే నియామక పత్రంలో, జీతం అంకె చూసుకున్నాక ఎవరూ తిరగేయని పేజీల్లో, ఒక నాన్-సొలిసిటేషన్ క్లాజు ఉంటుంది. ఉద్యోగం మానిన తర్వాత రెండేళ్లపాటు సంస్థ క్లయింట్లను గానీ సిబ్బందిని గానీ ప్రత్యక్షంగా, పరోక్షంగా, మరే ఇతర రీతిలోనూ తమవైపు తిప్పుకోరాదని దాని సారాంశం. ‘మరే ఇతర రీతి’లో కలలో కనబడటం కూడా చేరుతుందని నా వినమ్ర అభిప్రాయం.

ఇంత సదుద్దేశానికి అడ్డుపడుతున్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోనివ్వకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదని దాని 27వ సెక్షన్ తేల్చి చెబుతుంది. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్ముకున్నవాడికి తప్ప మినహాయింపు రాయలేదు. ఉద్యోగంలో ఉన్నంత కాలం కట్టడి చేయవచ్చు. మానేసిన తర్వాత పోటీ సంస్థలో చేరవద్దనే షరతు మాత్రం, గడువు ఎంత తక్కువైనా, మన కోర్టుల్లో నిలవడం కష్టం.

అయితే పోటీ సంస్థలో చేరడం వేరు, పాత సంస్థ క్లయింట్లను పనిగట్టుకొని లాగడం వేరు. డెసికెంట్ రోటర్స్ సంస్థ తన మాజీ మార్కెటింగ్ మేనేజరుపై వేసిన కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ తేడానే పాటించింది. పోటీ సంస్థలో పని చేయకుండా ఆయనను ఆపడానికి ఒప్పుకోలేదు. పాత సంస్థ కస్టమర్లను, సరఫరాదారులను పోటీ వ్యాపారం కోసం ఆశ్రయించరాదన్న నిషేధాన్ని మాత్రం ఉంచింది. అన్నం తినవచ్చు, ఆ పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు అన్నట్టు.

ఇక ‘ఆశ్రయించడం’ అంటే ఏమిటో చూడాలి. ఆసుపత్రులకు నీటి శుద్ధి యంత్రాలు అమ్మే హైదరాబాదు సంస్థ ఒకటి ఉందనుకుందాం. అందులోని సేల్స్ మేనేజరు మానేసి పోటీ సంస్థలో చేరాడు. ఒక ఆసుపత్రి కొనుగోళ్ల అధికారి తానే ఫోన్ చేసి, ‘బాబూ, ఇప్పుడెక్కడున్నావు, అక్కడ రేటెంత?’ అని అడిగితే అది ఆయన పిలుపే గానీ మనవాడి వల కాదు. కొత్త ఉద్యోగం గురించి లింక్డ్‌ఇన్‌లో ఒక వాక్యం రాసుకోవడం కూడా దానంతట అదే వల విసరడం అనిపించుకోదు. కానీ మనవాడే ‘ఇప్పుడిచ్చే ధరకు పది శాతం తక్కువకు ఇస్తాం, పాత ఒప్పందం రద్దు చేసుకోండి’ అని వాట్సాప్‌లో పెడితే మాత్రం పాత సంస్థ వకీలు ఆ స్క్రీన్‌షాట్‌ను ఫ్రేము కట్టించి పెట్టుకుంటాడు.

నిజానికి మనుషులు చిక్కుకునేది ఆ సందేశంతో కన్నా, మానేసే వారం క్లయింట్ల జాబితాను, ధరల పట్టికను సొంత మెయిలుకు పంపుకోవడంతో. కంపెనీ సర్వరులో తేదీ, సమయం సహా నిలిచిపోయే ఆ మెయిలును కోర్టులో కాదనడం ఎవరి తరమూ కాదు. అలాంటి జాడ లేనప్పుడు, మాజీ ఉద్యోగే ముందు తలుపు తట్టాడని రుజువు చేసే భారం కంపెనీదే. నష్టపరిహారం కావాలంటే అసలు నష్టం జరిగిందని కూడా చూపించాలి.

సహోద్యోగుల విషయం ఇంకా ముచ్చటైనది. విప్రోకూ, అది భారతదేశంలో ఎవరి ఉత్పత్తులను అమ్మిపెట్టేదో ఆ బెక్‌మన్ కౌల్టర్‌కూ మధ్య, ఒకరి సిబ్బందిని మరొకరు లాగరాదన్న ఒప్పందం ఉండేది. బెక్‌మన్ సొంతంగా దుకాణం తెరిచి, తన ఉత్పత్తులతో అనుభవం ఉన్నవారు కావాలన్నట్టు ప్రకటన వేసింది. అటువంటి అనుభవం ఎవరి సిబ్బందికి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 2006లో ఢిల్లీ హైకోర్టు ఆ క్లాజు చెల్లుతుందని, ఆ ప్రకటన వల విసరడమేనని అంటూనే, అప్పటికే వెళ్లిపోయిన ఉద్యోగులను వెనక్కి రప్పించలేదు. వల వేసినవాడిని తప్పుపట్టవచ్చు గానీ చేపలకు ఈత మానమని చెప్పలేం కదా!

ఇన్ని చిల్లులున్న క్లాజు ఎందుకు బతికి ఉందన్నది మీ తదుపరి ప్రశ్న. కోర్టుదాకా వెళ్లేవి కొన్నే. అక్కడికి చేరకుండానే పని ముగించడం దాని ఘనత. పాత సంస్థ వకీలు ఒక లీగల్ నోటీసు మనవాడికీ, ఇంకొకటి అతని కొత్త యజమానికీ పంపుతాడు. 27వ సెక్షన్ గురించి చదివే తీరిక కొత్త హెచ్‌ఆర్‌కు ఉండదు కాబట్టి, ‘ఏడాదిపాటు ఆ ఆసుపత్రుల జోలికి వెళ్లవద్దు’ అని మనవాడికి మౌఖికంగా ఆదేశం వస్తుంది. అతను ఎదురు చెప్పబోయే లోపు, తాము ఇచ్చిన నియామక పత్రంలోనూ అదే క్లాజు, అదే రెండేళ్ల గడువుతో ఉందని, కింద అతని సంతకమూ ఉందని ఆ హెచ్‌ఆర్ మేడమ్ మర్యాదగా గుర్తుచేస్తుంది.