భాగస్వామ్య డీడ్‌లో రాసుకున్న జీతమంతా ఖర్చు కాదు: బేగంబజార్ లెక్కతో ఒక ఖండన

“డీడ్‌లో మూలధనంపై వడ్డీ 18 శాతమని, మిగిలిన లాభమంతా భాగస్వాముల జీతాలని రాసుకోండి. డీడ్‌లో ఏది రాస్తే అదే ఖర్చు. పని చేయని భాగస్వామికీ జీతం చూపొచ్చు. లాభం మిగలదు కాబట్టి ఫర్మ్‌కు పన్ను సున్నా.” — హైదరాబాద్ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం

ఇందులో ప్రతి వాక్యాన్నీ ఒకే లెక్క మీద పరీక్షించవచ్చు. బేగంబజార్‌లో స్టీలు పాత్రల హోల్‌సేల్ ఫర్మ్ ఒకటి ఉందనుకుందాం. మొదటి భాగస్వామి మూలధనం 20 లక్షలు, రెండో భాగస్వామిది 10 లక్షలు. లాభనష్టాల నిష్పత్తి 3:2. 2025-26 సంవత్సరానికి వడ్డీ, జీతాలు తీయకముందు లాభం 20,00,000 రూపాయలు. డీడ్ ప్రకారం వడ్డీ 18 శాతం, అంటే 5,40,000; ఒక్కొక్కరికి నెలకు 60,000 చొప్పున ఇద్దరి జీతం 14,40,000. పుస్తకాల్లో మిగిలేది 20,000 మాత్రమే.

ముందుగా వడ్డీ సంగతి. భాగస్వాములు తమలో తాము 18 శాతం ఇచ్చిపుచ్చుకోవడానికి అభ్యంతరం లేదు, ఆ ఒప్పందం వారిద్దరినీ కట్టడి చేస్తుంది. పన్ను లెక్కలో మాత్రం ఆ సంవత్సరానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 40(బి) సెక్షన్ 12 శాతం సాధారణ వడ్డీ దాటనివ్వదు. కాబట్టి 3,60,000 చెల్లుతుంది, 1,80,000 తిరిగి ఫర్మ్ ఆదాయంలో కలుస్తుంది.

ఎక్కువమంది తడబడేది జీతం దగ్గరే. దాని పరిమితిని బుక్ ప్రాఫిట్ మీద కడతారు. చెల్లే వడ్డీని తీసేసి, జీతాలను మాత్రం తీయకుండా చూసే లాభమే బుక్ ప్రాఫిట్. ఇక్కడ అది 20,00,000 లోంచి 3,60,000 పోగా 16,40,000. 18 శాతం వడ్డీని తీసేసి 14,60,000 మీద పరిమితి కట్టడం తరచుగా కనిపించే పొరపాటు. అందువల్ల ఫర్మ్ తనకు హక్కుగా వచ్చే తగ్గింపునే పోగొట్టుకుంటుంది. 2024 సవరణ తర్వాత మొదటి 6 లక్షల బుక్ ప్రాఫిట్‌పై 90 శాతం లేదా 3 లక్షలు, వీటిలో ఏది ఎక్కువైతే అది, మిగిలిన దానిపై 60 శాతం చెల్లుతుంది. అంటే 5,40,000కు 6,24,000 కలిపి 11,64,000. ఇది వ్యాపారంలో పనిచేసే భాగస్వాములు, అంటే వర్కింగ్ పార్ట్‌నర్లందరికీ కలిపి ఉన్న పరిమితే తప్ప ఒక్కొక్కరికి కాదు. డీడ్‌లోని 14,40,000 లో 2,76,000 చెల్లకుండా పోతుంది.

ఇప్పుడు ఫర్మ్ పన్ను ఆదాయం 16,40,000 లోంచి 11,64,000 పోగా 4,76,000. ఫర్మ్‌కు శ్లాబులు లేవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం. ఆ 1,42,800కు 4 శాతం సెస్ 5,712 కలిపితే 1,48,512. ఈ పన్నును కూడా పుస్తకాల్లోకి తీసుకుంటే, 20,000 లాభం కనిపించిన చోట 1,28,512 నష్టం తేలి, 3:2 నిష్పత్తిలో ఇద్దరి ఖాతాలకూ పడుతుంది. లాభనష్టాల కేటాయింపు ఖాతాను పన్ను లెక్క కట్టకముందే మూసేసేవారికి ఈ నష్టం కనబడదు.

చెల్లని భాగాన్ని భాగస్వామి చేతిలో మళ్లీ పన్నుకు గురిచేయరు, లాభంలో వాటాకూ అక్కడ పన్ను లేదు. ఆ మేరకు భయపడనక్కర్లేదు. మొదటి భాగస్వామికి పన్ను పడదగ్గ మొత్తం 2,40,000 వడ్డీ, చెల్లిన 11,64,000 లో సగమైన 5,82,000 జీతం కలిపి 8,22,000. రెండో వారికి 7,02,000. ఇతర ఆదాయం లేకుంటే కొత్త విధానంలో 12 లక్షల వరకున్న రిబేటు వల్ల ఇద్దరికీ పన్ను ఉండదు. చెల్లే పరిధిలో జీతం రాసుకోవడం లాభసాటే. పరిధి దాటిన ప్రతి రూపాయి మీదా ఫర్మ్ 31.2 శాతం కడుతుంది.

పని చేయని భాగస్వామికి జీతం చూపమనడం అన్నింటికంటే ప్రమాదకరమైన సలహా. వ్యాపార వ్యవహారాల్లో చురుకుగా పాల్గొనే వ్యక్తికి ఇచ్చే జీతమే ఖర్చుగా చెల్లుతుంది. రెండో భాగస్వామి కేవలం డబ్బు పెట్టి ఊరుకున్నవారైతే ఆయన 7,20,000 పూర్తిగా పోతుంది. ఫర్మ్ ఆదాయం 9,20,000కు, పన్ను 2,87,040కు చేరుతుంది. పరిమితిలో ఇంకా చోటు మిగిలి ఉన్నా, అది ఆయన జీతానికి పనికిరాదు.

ఈ సందేశంలో టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే కోసే పన్ను ఊసే లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి 194టీ సెక్షన్ కింద, ఒక భాగస్వామికి ఏడాదిలో జీతం, వడ్డీ కలిపి 20,000 దాటితే 10 శాతం కోయాలి. నగదు ఇవ్వకుండా మూలధన ఖాతాకు జమ చేసినా కోయాల్సిందే. మన లెక్కలో 19,80,000 మీద 1,98,000 అవుతుంది, దాన్ని భాగస్వాములు రిటర్నులు వేసి వెనక్కి తీసుకోవాలి.

డీడ్‌లో జీతం మొత్తం గానీ, దాన్ని కట్టే పద్ధతి గానీ స్పష్టంగా ఉండాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1996 నాటి 739వ సర్క్యులర్ చెబుతోంది. “భాగస్వాములు అనుకున్నంత” అని రాస్తే సరిపోదు. మార్చిలో లాభం చూసుకుని డీడ్ మార్చి, ఏప్రిల్ నుంచి అమలైనట్లు చూపినా, మార్పుకు ముందు నెలల జీతం ఆ మార్పు కింద చెల్లదు.