పడిన చోటే ఉండని రూపాయి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న తెలుగు ఇళ్లలో యూఏఈ దిర్హమ్ రేటు అందరికీ నోటికే వచ్చు. దిర్హమ్‌ను 1997 నుంచి డాలర్‌కు 3.67 దగ్గర కట్టేశారు. అందువల్ల డాలర్ ఎటు కదిలితే పాస్‌బుక్కులో అంకె అటే కదులుతుంది. రూపాయి బాగా పడిన వారం ‘ఇంకో నాలుగు రోజులు ఆగు, ఇంకా పెరుగుతుంది’ అనే మాట ఫోన్లలో తిరుగుతుంది. ఆ రేటే ఇక ఖాయమనుకుని స్థలానికి బయానా ఇచ్చేస్తారు. మా అభ్యంతరం ఈ లెక్క మీదే.

వడ్డీ రేట్లు మారినప్పుడు కరెన్సీ తాను చివరికి చేరాల్సిన స్థాయి దగ్గర ఆగకుండా, దాన్ని దాటి పోతుంది. ఎందుకలా జరుగుతుందో 1976లో రూడిగర్ డోర్న్‌బుష్ అనే ఆర్థికవేత్త వివరించాడు. ఒక ఊహా లెక్క చూద్దాం. డాలర్ 80 రూపాయలుంది. మన రిజర్వు బ్యాంకు డబ్బు చలామణీ పెంచింది. దానివల్ల కొన్నేళ్లలో ధరలు 5 శాతం పెరిగి, డాలర్ 84 దగ్గర కుదురుకుంటుందని అందరికీ తెలుసు. మరి ఇవాళే 84కి వెళ్లి ఎందుకు ఆగదు?

బియ్యం ధర, కూలి, ఇంటి అద్దె ఒక్క రోజులో మారవు. ధరలు కదలకముందే చేతిలో డబ్బు ఎక్కువైంది కాబట్టి వడ్డీ తగ్గుతుంది. అమెరికా కంటే 2 శాతం తక్కువైందనీ, రెండేళ్లు అలాగే ఉంటుందనీ అనుకుందాం. అంత తక్కువ వడ్డీకి ఎవరైనా డబ్బు రూపాయల్లో ఎందుకు ఉంచుతారు? మున్ముందు రూపాయి ఏటా 2 శాతం చొప్పున బలపడుతుందన్న నమ్మకం ఉంటేనే ఉంచుతారు. అలా బలపడుతూ వచ్చి 84 దగ్గర ఆగాలంటే ముందు 84 కంటే కిందికి పడి ఉండాలి. అంటే మొదటి రోజే డాలర్ 87 దాటాలి. ఏడాదికి 85.70 దగ్గరికి, రెండేళ్లకు 84కి దిగుతుంది. ధరలు నిదానంగా కదులుతాయి కాబట్టి ఆ తొందరంతా రూపాయి మీద పడుతుంది.

2013 వేసవి గుర్తుందా? మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ అప్పటి అధిపతి బెన్ బెర్నాంకీ, బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని సూచన చేశారు. వడ్డీ రేటు ముట్టుకోలేదు, మాటే చెప్పారు. అయినా అమెరికాలో దీర్ఘకాలిక వడ్డీలు పెరిగాయి. అంటే వాటి పక్కన మన వడ్డీ తగ్గినట్టే. ఆ మాట నాటికి 55, 56 మధ్య ఉన్న డాలర్ ఆగస్టు 28 నాటికి 68.8కి చేరింది. దిర్హమ్ 18.70 పలికింది. అక్టోబరుకల్లా డాలర్ 61, 62 మధ్యకు దిగింది. వెయ్యి దిర్హమ్‌ల మీద దాదాపు రెండు వేల రూపాయల తేడా.

ఇక్కడ గమనించాల్సింది, రూపాయి మళ్లీ 55కి రాలేదు. విదేశీ చెల్లింపుల లోటు, 10 శాతం దాకా ఉన్న ధరల పెరుగుదల రూపాయిని ఎలాగూ బలహీనపరిచాయి. పడాల్సింది కొంత, దాని మీద అదనంగా పడింది కొంత. ఆ అదనమే వెనక్కి వచ్చింది. అందులో వడ్డీ ప్రభావంతో పాటు భయం పాలు కూడా ఉంది. సెప్టెంబరులో ఫెడ్ వెనక్కి తగ్గడం, రిజర్వు బ్యాంకు ప్రవాస డిపాజిట్లకు దారి తెరవడం కోలుకోవడానికి తోడ్పడ్డాయి. మూడు నెలల్లో డాలర్ దాదాపు 24 శాతం పెరిగితే సరుకుల ధరలు అందులో సగం కూడా పెరగలేదు. గీత దాటిందని అనుమానించడానికి పనికొచ్చే గుర్తు ఇదొక్కటే.

అయితే శిఖరం ఏ రోజో ఈ సిద్ధాంతం చెప్పలేదు. పుస్తకంలో దూకుడు ఒక్క రోజులో అయిపోతుంది, 2013లో మూడు నెలలు పట్టింది. అమెరికా వడ్డీ పెంచాక డాలర్ రెండేళ్లకు పైగా బలపడుతూనే పోయి, ఆ తర్వాతే తిరిగిందని 1995లో ఐకెన్‌బామ్, ఇవాన్స్ అనే ఆర్థికవేత్తలు చూపించారు. కనుక నాలుగు రోజులు ఆగమనేవాళ్లది సిద్ధాంతం కాదు, జూదం. నెలనెలా పంపేవాళ్లు అలాగే పంపడమే నయం.

అప్పులిచ్చేవాళ్ల బాధ్యత ఇంకా పెద్దది. ఇంటి రుణానికి గల్ఫ్ జీతాన్ని ఆ రోజు రేటుతో గుణించి అర్హత తేల్చడం మానాలి. 18.70 చూసి కట్టిన వాయిదా, 16.70 వచ్చిన నెలలో కూడా అంతే ఉంటుంది. కట్టాల్సిన మనిషి మాత్రం అక్కడ అదే జీతానికి పనిచేస్తుంటాడు. రెండు మూడేళ్ల సగటు రేటు మీద లెక్క కట్టాలని మా జిల్లాల బ్యాంకులనూ సహకార సంఘాలనూ కోరుతున్నాం. దరఖాస్తు కాగితం మీదే ఆ సగటును తెలుగులోనూ ఒడియాలోనూ రాసి చూపించాలి.