రొటేషన్‌కు ముందు ముప్పై ఐదు రోజులు

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఐటీ చూసుకునేది నలుగురు. సర్వర్ల అడ్మిన్ పాస్‌వర్డ్ ఏళ్ల తరబడి ఒకటే. అది నలుగురికీ తెలుసు, ఉద్యోగం మానేసి వెళ్లిన ఇద్దరికీ తెలుసు. దాన్ని వాల్ట్‌లో, అంటే పాస్‌వర్డ్‌లను దాచి అడిగినప్పుడు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టాలనుకున్నప్పుడు సాయం చేయడానికి నేనూ వెళ్లాను. అక్కడ పడిన ఇబ్బందిని బట్టి నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పాస్‌వర్డ్‌ను దాచడం తేలిక. అది ఇప్పటికే ఎక్కడెక్కడ దాగి ఉందో వెతకడమే అసలు పని. చిన్న టీములు ఆ పనిని వదిలేసి నేరుగా రొటేషన్, అంటే పాస్‌వర్డ్ దానంతటదే మారే ఏర్పాటు, ఆన్ చేస్తున్నాయి.

మేం పెట్టింది హాషికార్ప్ వాల్ట్. అందులో నెట్‌వర్క్ అకౌంట్లను చూసుకునే ఎల్‌డాప్ ఇంజిన్‌లో ‘లైబ్రరీ’ అనే ఏర్పాటు ఉంది. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టే అకౌంట్ తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఒకరి చేతిలో ఉన్నంతసేపు అది ఇంకొకరికి దొరకదు. తిరిగి ఇవ్వగానే, విండోస్ నెట్‌వర్క్ అకౌంట్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీలో దాని పాస్‌వర్డ్ మారిపోతుంది.

```
vault write ldap/library/server-admins \
  service_account_names="adm-k1,adm-k2" \
  ttl=1h max_ttl=2h
vault write -f ldap/library/server-admins/check-out
vault write -f ldap/library/server-admins/check-in
```

ఇక్కడ `ttl`, అంటే తీసుకున్న అకౌంట్ గడువు, గురించి ఒక మాట. మనం ఏమీ రాయకపోతే అది 24 గంటలు. ఒకరు అకౌంట్ తీసుకుని తిరిగి ఇవ్వకుండా ఇంటికి వెళ్లిపోతే, మిగతావాళ్లు మర్నాటిదాకా ఎదురుచూడాలి. నలుగురికి రెండు అకౌంట్లు, ఒక గంట గడువు సరిపోతాయి. అయితే గడువు తీరితే మారేది పాస్‌వర్డ్ మాత్రమే. అప్పటికే తెరిచి ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ దానంతటది మూసుకోదు.

సోమవారం మొదలుపెట్టాం. వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న అకౌంట్‌నే లైబ్రరీ సెట్‌లో చేర్చాం. పొరపాటు అక్కడే జరిగింది. చేర్చగానే వాల్ట్ దాని పాస్‌వర్డ్‌ను ఒకసారి మార్చింది. మంగళవారం నుంచి రోజుకు ఒక్కసారి తీసుకుని తిరిగి ఇచ్చేవారు. సోమ, మంగళవారాల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు. బుధవారం అకౌంట్ తిరిగి ఇచ్చిన అరగంటలోపే అది లాక్ అయింది. “అన్నా, వాల్ట్ తప్పు పాస్‌వర్డ్ ఇస్తోంది” అని ఫోన్ వచ్చింది.

వాల్ట్ ఇచ్చింది సరైన పాస్‌వర్డే. లాగిన్‌లను సరిచూసే డొమైన్ కంట్రోలర్ సర్వర్‌లో, అకౌంట్ లాక్‌ను నమోదు చేసే 4740 ఈవెంట్ తెరిస్తే, లాక్‌కు కారణమైన కంప్యూటర్ పేరు కనబడింది. అది ల్యాబ్‌లోది. రిపోర్టులను ఫైల్ సర్వర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్‌లో ఎవరో ఎప్పుడో ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ సేవ్ చేశారు. అది ఐదు నిమిషాలకోసారి పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతోంది. ఐదు తప్పులకు అకౌంట్ లాక్ అవ్వాలన్నది అక్కడి నియమం.

మరి రెండు రోజులు ఎందుకు ఆగింది? యాక్టివ్ డైరెక్టరీ పాస్‌వర్డ్ హిస్టరీని చూస్తుంది. కొట్టిన తప్పు పాస్‌వర్డ్ ప్రస్తుత పాస్‌వర్డ్‌కు ముందు వాడిన రెండింటిలో ఒకటైతే, లాగిన్‌ను ఒప్పుకోదు కానీ లాక్ లెక్కలో కలపదు. మూడోసారి మారాక ఆ మినహాయింపు పోతుంది. ఈ రెండు రోజులూ ల్యాబ్ రిపోర్టులు సర్వర్‌కు చేరలేదు, కానీ ఎవరూ గమనించలేదు. మార్పు చేసిన రోజున ఏమీ జరగకపోవడంతో, మూడో రోజు ముంచుకొచ్చిన టెన్షన్‌కు కారణం సోమవారం పనే అని ఎవరికీ తట్టలేదు.

అందుకే ఏ అకౌంట్‌నైనా సెట్‌లో చేర్చే ముందు కనీసం 35 రోజులు దాని లాగిన్‌లను గమనించాలంటాను. నెలాఖరు జీతాల పని నెలకు ఒక్కసారే నడుస్తుంది, అదీ కనబడాలి. సెక్యూరిటీ లాగ్ సైజు ముందే పెంచుకోవాలి, లేకపోతే పాత ఎంట్రీలు చెరిగిపోతాయి. తర్వాత ప్రతి సర్వర్‌లో లాగిన్‌లను నమోదు చేసే 4624 ఈవెంట్లు చూడాలి. లాగిన్ టైప్ 4 అంటే షెడ్యూల్డ్ టాస్క్, 5 అంటే సర్వీస్. ల్యాబ్ ప్రోగ్రామ్ లాంటివి టైప్ 3గా, అంటే నెట్‌వర్క్ లాగిన్‌గా, మనుషుల లాగిన్‌ల మధ్య కలిసిపోయి కనబడతాయి. వాటిని వేళను బట్టి పట్టుకోవాలి. రాత్రి 2 గంటలకు సరిగ్గా ఐదేసి నిమిషాల ఎడంతో మనిషి లాగిన్ అవ్వడు.

బయటపడిన ప్రతి పనికీ వేరే అకౌంట్ ఇవ్వాలి. ల్యాబ్ ప్రోగ్రామ్‌కు ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రమే ఉన్న అకౌంట్ చేశాం. రాత్రి బ్యాకప్ టాస్క్‌ను జీఎంఎస్‌ఏ అకౌంట్‌కు మార్చాం. దాని పాస్‌వర్డ్‌ను యాక్టివ్ డైరెక్టరీయే 30 రోజులకోసారి మార్చుకుంటుంది, ఎవరూ ఎక్కడా టైప్ చేయక్కర్లేదు. పాత అకౌంట్‌ను సెట్‌లోంచి తీసేసి, మనుషుల కోసం కొత్తగా రెండు సృష్టించాం. పై కమాండ్‌లో ఉన్నవి అవే.

ఇంకొకటి, ఎండాకాలం కరెంటు కోతలు. వాల్ట్ ఒక వర్చువల్ మెషీన్‌లో నడుస్తోంది. ఆ మెషీన్‌ను మోసే హోస్ట్ రూట్ పాస్‌వర్డ్ వాల్ట్‌లోనే ఉంది. యూపీఎస్ అయిపోయి హోస్ట్ ఆగితే, దాన్ని లేపే పాస్‌వర్డ్ దాని లోపలే చిక్కుకుంటుంది. పైగా ఆటో అన్‌సీల్ పెట్టకపోతే వాల్ట్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ సీల్ అయ్యే, అంటే తాళం పడిన స్థితిలోనే, లేస్తుంది. మామూలుగా ఐదు తాళపు ముక్కల్లో మూడు కలిస్తేనే తెరుచుకుంటుంది. నలుగురిలో ఒకరు సెలవులో, ఇంకొకరు పెళ్లికి కడపలో ఉంటే మూడు దొరకకపోవచ్చు. అందుకే మొదట్లోనే ఇలా పెట్టాం:

```
vault operator init -key-shares=4 -key-threshold=2
```

హోస్ట్ రూట్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరు అంటించి, అకౌంట్స్ విభాగం బీరువాలో పెట్టాం. కవరు తెరిస్తే అదే రోజు పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టాలి. మూడు నెలలకో ఆదివారం వాల్ట్ మెషీన్‌ను కావాలనే ఆపి, కవరుతో, ఇద్దరి తాళాలతో తిరిగి లేపి చూస్తున్నారు. మొదటిసారి 50 నిమిషాలు పట్టింది, అందులో 20 బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే.